నాయినకు గొంతు క్యాన్సర్, కరెంటు పెడుతున్నారు, బీడీ మానడం లేదు. ఇప్పుడు మానితే ఏమన్నా ఫరక్ ఉంటుందా?

బత్తాయితోట (దేవరకొండ దగ్గర) | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాయినకు 59 ఏళ్లు. సంక్రాంతి ముందు నుంచి గొంతు బొంగురుపోయింది. చలికి రాత్రిళ్లు మోటరు కాడ పడుకుంటాడు కదా, జలుబు అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు మందులు వాడాం, తగ్గలేదు. చివరికి నల్లగొండలో ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూసి, వెంటనే హైదరాబాద్ పొమ్మన్నాడు. ముక్క పరీక్షలో స్వరపేటిక క్యాన్సర్ అని తేలింది, మూడో స్టేజి. ఆపరేషన్ అంటే స్వరపేటిక మొత్తం తీసేయాలట, మాట పోతుందట. అది వద్దనుకుంటే ఏడు వారాల కరెంటు, వారానికో కీమో అన్నారు. 35 సిట్టింగులు. ఇవాళ్టికి ఆరు అయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. నాయిన నలభై ఏళ్ల నుంచి బీడీ తాగుతాడు, రోజుకు ఇరవై తక్కువ కాదు. డాక్టర్ మొదటి రోజు "బీడీ మానాలె" అన్నాడు, అంతే, మళ్లీ ఎత్తలేదు. నాయిన మానలేదు. సిట్టింగుకు లోపలికి పోయే ముందు కూడా గేటు బయట ఒకటి ముట్టిస్తున్నాడు. గట్టిగా అడిగితే, "రావాల్సింది వచ్చె. ఇగ మానితే ఏమొస్తది? ఉన్నన్ని రోజులన్న తాగనియ్యి" అంటాడు. మా పెద్దనాయిన, మేనత్త కూడా ఆయన దిక్కే. ఈ టైంలో మనిషిని ఏడిపించొద్దు అంటారు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. బీడీ తాగితే ఈ ట్రీట్‌మెంట్ పని చేయడంలో నిజంగా తేడా వస్తుందా? రాదంటే నేను కూడా నోరు మూసుకుంటా. వస్తుందంటే చెప్పండి, కొట్లాడతా. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 97 ఉంది, రక్తం 13 ఉంది, రెండూ బాగున్నాయి అన్నారు.

---

పాలమూరు_పోరడు (జడ్చర్ల) | సోమవారం రాత్రి 10:15

అన్నా, ధైర్యంగా ఉండు. నాకు తెలిసింది చెప్తా. మా మామకు బైపాస్ అయినప్పుడు సిగరెట్ ఒక్కసారే బంద్ చేయించినం. వారం దాకా ఒకటే దగ్గు, తెమడ, చిరాకు. నలభై ఏళ్ల అలవాటును ట్రీట్‌మెంట్ నడిమిట్ల టక్కున కోస్తే ఒళ్లు తట్టుకోదు. ఇరవై ఉంటే పదికి తేవాలె, పది నుంచి అయిదుకు. అయిదు తాగితే పెద్దగా నష్టం ఉండదు. కరెంటు అయిపోయినంక పూర్తిగా మాన్పించు. ఒకేసారి రెండు యుద్ధాలు వద్దు.

---

చుట్టతాత_మనవడు (హాలియా) | సోమవారం రాత్రి 10:50

మా తాత 88 ఏళ్లు బతికాడు, చచ్చే రోజు పొద్దున కూడా చుట్ట తాగాడు. అంతా రాసి పెట్టి ఉంటుంది బ్రదర్.

---

బత్తాయితోట | సోమవారం రాత్రి 11:05

మీ తాతకు క్యాన్సర్ రాలేదు కదా అన్నా. మా నాయినకు వచ్చింది. నేనడిగింది వచ్చినంక సంగతి.

---

కిరణాలగది (సొంతూరు మిర్యాలగూడ, పని హైదరాబాద్‌లో) | మంగళవారం ఉదయం 6:20

రేడియేషన్ డాక్టర్‌ని. మీ నాయినను చూడలేదు కాబట్టి ఆయన కేసు గురించి ఆయన డాక్టరే చెప్పాలి. మీరు అడిగినదానికి జవాబు మాత్రం ఉంది: తేడా వస్తుంది, అది చిన్న తేడా కాదు.

ముందు ఆ క్లిప్పు సంగతి. వేలికి పెట్టే క్లిప్పు రక్తం రంగు చూసి అంకె చెబుతుంది. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్న రక్తం కూడా క్లిప్పుకు ఎర్రగానే కనిపిస్తుంది. అందుకే గేటు బయట బీడీ తాగి వచ్చిన మనిషికి కూడా 97 చూపిస్తుంది. రక్తం 13 అన్నది కూడా అంతే. బస్సులో నలభై సీట్లు ఉన్నాయి అన్నట్టు. అందులో నాలుగు సీట్ల మీద ఎవరో తువ్వాలు వేసి పెట్టుకున్నారు, అది లెక్కలోకి రాలేదు.

రేడియేషన్‌కు ఆక్సిజన్‌తో ఏం పని అంటారా? కిరణం క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ తెగినది అలాగే స్థిరపడిపోతుంది. లేకపోతే కణం దాన్ని అతికించుకుని బతికిపోయే వీలు ఎక్కువ. బాగా ఆక్సిజన్ అందే కణాన్ని చంపే డోసుతో పోలిస్తే, అసలు అందని కణానికి రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. గొంతులో గడ్డ మధ్యలో ఎలాగూ రక్తం సరిగా అందని చోట్లు ఉంటాయి. అక్కడికి అంతంత మాత్రంగా పోయే ఆక్సిజన్‌ను మన బీడీ దారిలోనే ఆపేస్తుంది. మనం రోజుకు రెండు గ్రే డోసు చొప్పున ఏడు వారాలు కష్టపడి 70 గ్రే ఇస్తున్నాం. ఆయన సిట్టింగుకు అయిదు నిమిషాల ముందు ముట్టించే బీడీయే అన్నిటికన్నా చెడ్డది.

1993లో కెనడా డాక్టర్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక లెక్క వేశారు. తల, మెడ భాగంలో ముదిరిన క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 115 మంది. రేడియేషన్ జరిగినన్ని రోజులూ తాగినవాళ్లలో నూటికి 45 మందికి గడ్డ పూర్తిగా కరిగింది, ఆ రోజుల్లో తాగనివాళ్లలో 74 మందికి కరిగింది. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నది తాగినవాళ్లలో 39 శాతం, తాగనివాళ్లలో 66 శాతం.

పాలమూరు తమ్ముడూ, దగ్గు, తెమడ పెరుగుతాయి అన్నది నిజమే. శ్వాసనాళంలో చీపురు పని చేసే సన్నని వెంట్రుకలు పొగతో మూలన పడి ఉంటాయి. అవి మళ్లీ ఊడవడం మొదలుపెడితే తెమడ బయటికి వస్తుంది. దానివల్ల నష్టం లేదు. కానీ అయిదు తాగితే నష్టం లేదన్న మాట ఒప్పుకోను. ఇరవై నుంచి అయిదుకు తెచ్చినవాళ్లు ఆ అయిదింటిని గట్టిగా, లోతుగా, వేళ్లు కాలేదాకా పీలుస్తారు. ఒంటికి నికోటిన్ కావాలి, అది అంకెలు చూడదు.

---

లెక్కలసారు (సూర్యాపేట) | మంగళవారం ఉదయం 7:45

డాక్టర్ గారూ, మర్యాదగానే అడుగుతున్నా. 45కూ 74కూ తేడా బీడీ వల్లనే అని ఎలా అంటాం? మానగలిగినవాళ్లు ముందు నుంచే కాస్త గట్టివాళ్లు అయి ఉండొచ్చు. మందూ తక్కువ తాగి ఉండొచ్చు. తిండి సరిగా తిని, సిట్టింగులు ఎగ్గొట్టకుండా వచ్చి ఉండొచ్చు. చీటీ వేసి సగం మందిని తాగమని, సగం మందిని వద్దని చేసిన పరీక్ష కాదు కదా ఇది.

---

కిరణాలగది | మంగళవారం మధ్యాహ్నం 1:30

చీటీ వేసి ఒకరిని తాగమనడం ఏ దేశంలోనూ కుదరదు సారూ. కాబట్టి మీరన్న అనుమానం పూర్తిగా పోదు, ఒప్పుకుంటా. ఆక్సిజన్ ఒక్కటే కారణమని కూడా ఖాయంగా తేల్లేదు. పొగకు గొంతు పుండ్లు పెరుగుతాయి, పుండ్లు పెరిగితే సిట్టింగులు ఆగుతాయి. ఏడు వారాల్లో అవ్వాల్సింది తొమ్మిది వారాలకు సాగితే, ఆగిన ఒక్కో రోజుకూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం పైగా జారిపోతుందని మా లెక్క. అదీ ఒక దారే.

కానీ మీ అనుమానాన్ని కాస్త తగ్గించే లెక్క ఇంకొకటి ఉంది. రష్యాలో తొలి దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 517 మందిని ఏళ్ల తరబడి చూశారు, 2021లో అచ్చయింది. అందరూ జబ్బు తెలిసిన రోజున తాగుతున్నవాళ్లే. అంటే తాగనివాళ్లతో పోలిక కాదు. ఆ తర్వాత మానినవాళ్లు సగటున 6.6 ఏళ్లు, మాననివాళ్లు 4.8 ఏళ్లు బతికారు. రోజూ ఎక్కువ తాగినవాళ్లు, తక్కువ తాగినవాళ్లు, ముందు స్టేజి, తర్వాతి స్టేజి, ఎలా విడగొట్టి చూసినా మానినవాళ్ల పక్షమే బాగుంది.

ఇది అక్కడి లెక్క, ఊపిరితిత్తుల లెక్క. నేను గొంతుకు ఇదే అంకె అనడం లేదు. 'వచ్చినంక మానితే ఏమొస్తది' అన్న మాట మాత్రం నిలబడదు అంటున్నా.

---

శారద_కల్వకుర్తి | మంగళవారం మధ్యాహ్నం 3:10

ఇక్కడ అడగొచ్చో లేదో. మా ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. కరెంటు లేదు, రోజూ ఎర్లోటినిబ్ బిళ్ల ఒకటే. ఈయన కూడా దొంగచాటుగా తాగుతున్నాడు. మాత్రకు ఆక్సిజన్ అక్కర్లేదు కదా, మరి మాకు ఫరవాలేదా?

---

కిరణాలగది | మంగళవారం రాత్రి 8:00

అడగొచ్చమ్మా. మాత్రకు ఆక్సిజన్ అక్కర్లేదు గానీ, అక్కడ ఇంకో చిక్కు ఉంది. పొగలోని తారు లాంటి పదార్థాలు లివర్‌ను ఉసిగొల్పి, ఎర్లోటినిబ్‌ను తొందరగా కరిగించి బయటికి పంపేస్తాయి. అదే మాత్ర వేసుకున్నా తాగే మనిషి రక్తంలో మందు సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ ఉంటుంది. మీరు మాత్రకు డబ్బు కడుతున్నారు, సగం పొగకు పోతోంది. ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగ చేసేది. అందుకే నికోటిన్ పట్టీ వేసుకున్నా మందు తగ్గదు.

ఒక జాగ్రత్త. ఆయన మానిన రోజున మీ డాక్టర్‌కు తప్పక చెప్పండి. పొగ ఆగితే రక్తంలో మందు పెరుగుతుంది. తాగుతున్నాడని తెలిసి డోసు పెంచి ఉంటే, మానగానే తగ్గించాలి. లేకపోతే ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు ఎక్కువవుతాయి.

---

శారద_కల్వకుర్తి | మంగళవారం రాత్రి 8:20

డాక్టర్‌కు ఆయన తాగుతున్న సంగతే తెలియదు సార్. మానేసిన అని చెప్పిండు. నేను పక్కనే కూర్చున్నా, నోరు తెరవలేదు. ఇంటికొచ్చినంక నన్నే తిడతాడు.

---

మల్లేశ్_నాగర్‌కర్నూల్ | మంగళవారం రాత్రి 10:30

నేను రోగిని. బుగ్గ లోపల క్యాన్సర్, ఆపరేషన్, తర్వాత 30 సిట్టింగులు, నాలుగేళ్లయింది. అబద్ధం నేనూ చెప్పిన. ఎందుకో చెప్తే మీకు పనికొస్తదేమో.

వార్డుల అడుగుపెట్టిన కాడి నుంచి ప్రతోడూ అడిగేది ఒక్కటే, "తాగుతవా? గుట్కా తింటవా?" అడిగే తీరు ఎట్లుంటదంటే, నువ్వే తెచ్చుకున్నవు అన్నట్టు. "అవు, ఇంకా తాగుతున్న" అంటే కరెంటు ఆపేస్తరేమో, మంచం ఇయ్యరేమో అనే భయం. అందుకే మానేసిన అంట. రాత్రి వార్డు వెనక నీళ్ల ట్యాంకు కాడికి పోతే అక్కడ నలుగురం ఉండేటోళ్లం. అందరం మానేసినోళ్లమే!

నేను మానింది ఎవరి మాటకూ కాదు. రెండో వారంల నోరు పుండ్లు పడ్డయి. అప్పుడు బీడీ గుంజితే మిరపకాయ నూరి పూసినట్టు ఉండె. అయినా ఒక రోజు తాగిన. అయినా తాగిన అని తెలిసినప్పుడు నా మీద నాకే భయమేసింది. పక్క మంచం సిస్టర్‌కు నిజం చెప్పిన. ఆమె తిట్టలేదు. "పొద్దున లేవంగనే ఎన్ని నిమిషాలకు ముట్టిస్తవు?" అని అడిగింది. మొఖం కడగకముందే అన్న. అయితే నీకు పట్టీ కావాలె, ఒట్టి మాటతోటి కాదు అన్నది.

బత్తాయితోట తమ్మీ, మీ నాయినను అదే ప్రశ్న అడుగు. ఎన్ని అని కాదు, లేచినంక ఎంతసేపటికి అని.

---

బత్తాయితోట | బుధవారం రాత్రి 9:15

మల్లేశన్నా, అడగాల్సిన పని లేదు, నాకు తెలుసు. కళ్లు తెరవకముందే దిండు కింద చెయ్యి పోతుంది.

ఇవాళ ఒక గలాటా అయింది. సిట్టింగ్ అయినంక ఇమ్లీబన్‌లో బస్సెక్కాం. దారిలో చింతపల్లి దగ్గర బస్సు ఆగితే మూత్రానికి అని దిగాడు. ఎక్కేటప్పుడు నోట్లో సోంపు. పక్కన కూర్చుంటే కమీజు నిండా బీడీ వాసన. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. డాక్టర్ గారు చెప్పిన 45, 74 అన్నీ బస్సులోనే అరిచి చెప్పాను. జేబులో ఉన్న కట్ట లాక్కుని కిటికీలో నుంచి పారేశాను. అందరూ చూశారు. నాయిన ఒక్క మాట అనలేదు. గొంతు లేదు కదా, అనలేడు. దేవరకొండ దాకా కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చి మోటరు కాడికి పోయాడు. పోయి చూస్తే స్టార్టర్ డబ్బా మీద, గోడ సందులో, బత్తాయి గంపలో, ఎక్కడ చూసినా బీడీలే. ఎన్ని పారేస్తా?

---

పాలమూరు_పోరడు | బుధవారం రాత్రి 9:40

చూసినవా అన్నా, అందుకే అంటున్నా. మెల్లగా పోవాలె.

---

జయక్క (నల్లగొండ) | గురువారం ఉదయం 5:50

నేను స్టాఫ్ నర్సును, పొగాకు మాన్పించే క్లినిక్‌లో మూడేళ్లు పని చేశా. తమ్ముడూ, కట్ట పారేసినందుకు బాధపడకు, అది ప్రతి ఇంట్లో ఒకసారి జరుగుతుంది. రెండోసారి మాత్రం చేయకు. దాచుకోవడం నేర్చుకుంటారు, అంతే.

లేవగానే బీడీ ముట్టించేవాళ్లకు నికోటిన్ పట్టు బలంగా ఉన్నట్టు. రాత్రంతా రక్తంలో నికోటిన్ పడిపోతుంది, పొద్దున ఒళ్లు అడుగుతుంది. అది మొండితనం కాదు. మొదటి మూడు రోజులు చాలా గట్టిగా ఉంటుంది, మూడు నాలుగు వారాలకు సడలుతుంది. మీ నాయినకు ఈ మూడు నాలుగు వారాలే కరెంటు రోజులు. అందుకే మందు సాయం లేకుండా వదలకండి.

ఆయనకు నేను ఎంచుకునేది చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీ. మందుల షాపులో అడగ్గానే దొరికే రెండు మిల్లీగ్రాముల చూయింగ్ గమ్ మామూలు వాళ్లకు బాగానే పనికొస్తుంది. కానీ గొంతుకు కరెంటు పెట్టేవాళ్లకు రెండు, మూడు వారాలకల్లా మింగడమే కష్టమవుతుంది, గమ్ రసం మంట పుట్టిస్తుంది. పట్టీకి నోటితో పని లేదు. రోజుకు పదికి మించి తాగేవాళ్లకు సాధారణంగా 21 మిల్లీగ్రాములది ఇస్తారు. ఆరు వారాలు అది, తర్వాత 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. మీ డాక్టర్‌ను అడిగి రాయించుకోండి, సొంతంగా వద్దు, గుండె జబ్బు ఉందో లేదో ఆయన చూసుకోవాలి. చిన్న షాపుల్లో దొరకదు, హైదరాబాద్‌లో ఉన్నప్పుడే తీసుకోండి.

ఇక వేసే పద్ధతి. పొద్దున మొఖం కడిగాక, చేయి పై భాగాన వెంట్రుకలు లేని చోట, ఆరిన చర్మం మీద. నూనె రాసుకున్న ఒంటికి అంటదు, మా ఊళ్ల పెద్దమనుషులతో ఇదే తంటా. మెడకు, భుజం మొదట్లో అసలు వేయొద్దు, అక్కడ మాస్కు బిగిస్తారు, కరెంటు పడుతుంది. రోజూ చోటు మార్చాలి, లేకపోతే దురద. రాత్రి పిచ్చి కలలు వస్తే పడుకునే ముందు తీసేయొచ్చు.

అందరూ భయపెట్టే మాట ఇంకొకటుంది, పట్టీ ఉండగా బీడీ తాగితే గుండె ఆగుతుందని. అట్ల కాదు. ఒకటి తాగినా పట్టీ తీయొద్దు. దాచొద్దు. మర్నాడు మళ్లీ పట్టీ.

---

లెక్కలసారు | గురువారం ఉదయం 8:05

నికోటిన్ కూడా క్యాన్సర్‌కు మంచిది కాదని ఎక్కడో చదివాను. పట్టీ ద్వారా అదే ఎక్కిస్తున్నాం కదా?

---

కిరణాలగది | గురువారం మధ్యాహ్నం 2:00

ప్రయోగశాల గిన్నెల్లో నికోటిన్ పోస్తే కణాలు కొన్ని మార్పులు చూపిస్తాయి, మీరు చదివింది అదే అయి ఉంటుంది. మనిషి విషయంలో మా ముందున్నవి రెండే దారులు. పొగలో కార్బన్ మోనాక్సైడ్, తారు, వేల రసాయనాలతో కలిసి వచ్చే నికోటిన్ ఒకటి. ఒట్టి నికోటిన్, అదీ కొద్ది వారాలు, తగ్గించుకుంటూ, ఇంకోటి. మూడో దారిలో, ఏదీ లేకుండా మానగలిగితే అంతకన్నా సంతోషం లేదు. నలభై ఏళ్ల బీడీ మనుషుల్లో అలాంటివాళ్లు నాకు తక్కువమంది కనబడ్డారు.

బత్తాయితోట బాబూ, ఒక మంచి సంగతి. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ అయిదారు గంటలకు సగమవుతుంది. ఒక రోజు పూర్తిగా తాగకపోతే దాదాపు పోతుంది. అంటే శనివారం, ఆదివారం సిట్టింగ్ ఉండదు కదా, శుక్రవారం సాయంత్రం మానితే సోమవారం పొద్దున కిరణం కింద పడుకునే మనిషి రక్తం వేరు. తొమ్మిది సిట్టింగులు పోయాయని బాధపడొద్దు. ఇంకా 26 ఉన్నాయి.

అంకెలు మీ నాయినకు చెప్పకండి. 45, 74 మీకోసం. బస్సులో అరిస్తే ఆయనకు వినబడింది 'నువ్వు చస్తావు' అని మాత్రమే.

---

శారద_కల్వకుర్తి | గురువారం సాయంత్రం 6:30

బీడీ కట్ట మీద, సిగరెట్ పెట్టె మీద ఒక నంబర్ ఉంటుంది చూడండి, 1800-11-2356. నేను ఊరికే చేసి చూశాను. తెలుగులో మాట్లాడారు. మాట్లాడాల్సింది ఆయన, నేను కాదు, అయినా నా మాట విన్నారు. అదొక్కటే రాద్దామని.

---

విజయ_వనపర్తి | గురువారం రాత్రి 9:50

నాది వేరే రకం ప్రశ్న. మా అన్నకు నాలుక క్యాన్సర్ తిరగబడింది. ఇక కరెంటు లేదు, కీమో లేదు, నొప్పికి మార్ఫిన్ మాత్రమే అన్నారు. రోజుకు రెండు సిగరెట్లు అడుగుతాడు. వదిన ఇవ్వదు. ఏడుస్తాడు. ఈ చర్చ చదివి వదిన ఇంకా గట్టిపడింది. నాకేమో ఇవ్వాలనిపిస్తోంది.

---

మల్లేశ్_నాగర్‌కర్నూల్ | గురువారం రాత్రి 10:20

ఇయ్యండక్కా.

---

జయక్క | శుక్రవారం ఉదయం 6:00

మల్లేశ్, అంత తొందరగా చెప్పలేను నేను. అలాంటి దశలో కూడా మానితే ఆయాసం, దగ్గు తగ్గినవాళ్లను చూశా. పట్టీ వేస్తే ఆ ఏడుపు సగం తగ్గొచ్చు, అది అడగండి ముందు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ కానీ, మిషన్ కానీ ఉంటే అగ్గి దగ్గరికి రానివ్వొద్దు, అందులో మాత్రం వాదన లేదు. మిగతాది ఆయన ఇష్టం ఎంత, మీ ఇంట్లో వాళ్ల మనసు ఎంత అన్నది. ఇది కరెంటు నడుస్తున్న మనిషి లెక్క కాదు.

---

కిరణాలగది | శుక్రవారం ఉదయం 7:10

జయక్కతో పూర్తిగా కలవను. జబ్బు నయం చేయడానికి మా చేతిలో ఏమీ లేనప్పుడు, ఆ రెండు సిగరెట్లు ఆపించి మేం సాధించేది ఏముంటుందో నాకు తెలియడం లేదు. ఇంట్లో పసిపిల్లలు లేని చోట, ఆక్సిజన్ లేని చోట, వాకిట్లో కూర్చోబెట్టి తాగనిస్తాను నేనైతే. వదినగారి మాట మాత్రం తీసిపారేయకండి, రాత్రిళ్లు మేలుకుని చూసుకునేది ఆమే.

---

బత్తాయితోట | తొమ్మిది రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 8:40

ఆలస్యమైంది, క్షమించండి. అందరికీ చెప్పాలి.

శుక్రవారం సిట్టింగ్ అయినంక నేనే డాక్టర్ దగ్గరికి పోయి, నాయిన ముందే, "సార్, రోజుకు ఇరవై తాగుతున్నాడు, మానలేకపోతున్నాడు, పట్టీ రాయండి" అన్నా. నాయిన తల దించుకున్నాడు. డాక్టర్ తిట్టలేదు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూసే ఒక చిన్న మిషన్‌లో ఊపిరి బిగబట్టి ఊదించారు, 21 చూపించింది. పది లోపు ఉండాలట. పట్టీ రాశారు. ఊళ్లో ఉంటే మోటరు కాడ బీడీలు చేతికి తగులుతాయని, మిగిలిన వారాలకు రెడ్‌హిల్స్ దగ్గర గది తీసుకున్నాం. బత్తాయి తోట చిన్నాయిన చూసుకుంటున్నాడు.

మొదటి మూడు రోజులు నరకం. నిద్ర లేదు, అన్నం గిన్నె తోసేశాడు, నన్ను పంతులు కొడుకా అని ఎక్కిరించాడు (మాది పంతుళ్ల ఇల్లు కాదు). దేవుడి దయ, ఆ తిట్లు కూడా గుసగుసగానే వచ్చాయి. నాలుగో రోజు ఒకటి తాగాడు. వచ్చి తానే చెప్పాడు, అదే నాకు ఆశ్చర్యం. పట్టీ తీయలేదు. మొన్న మళ్లీ ఊదిస్తే 4 వచ్చింది. ఆ అంకె చూసి, బడిలో మార్కులు వచ్చిన పిల్లాడి లెక్క వచ్చిపోయేవాళ్లందరికీ నాలుగు వేళ్లు చూపిస్తున్నాడు.

సిట్టింగులు పద్నాలుగు అయ్యాయి. గొంతు పుండ్లు మొదలయ్యాయి, రాగి జావ, మజ్జిగ తప్ప దిగడం లేదు. బరువు రెండు కిలోలు తగ్గింది. అవసరమైతే ముక్కు గొట్టం వేస్తామన్నారు. ఇవన్నీ బీడీ మానినా తప్పవట కదా?

---

కిరణాలగది | ఆదివారం రాత్రి 10:00

తప్పవు. తాగితే ఇంతకన్నా ముందు వచ్చి, ఇంతకన్నా ఎక్కువ రోజులు ఉండేవి. బరువు మీద కన్నేయండి, గొట్టం అంటే భయపడకండి. కరెంటు అయిపోయాక సుమారు పన్నెండు వారాలకు స్కాన్ చేసి చూస్తారు, అంతకు ముందు చేస్తే కరెంటు వాపు, గడ్డ విడదీయలేం. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పలేరు, నేను కూడా.

---

పాలమూరు_పోరడు | ఆదివారం రాత్రి 10:25

నేను తప్పు చెప్పినట్టున్నా అన్నా. అయితే మా మామ ఇంకా రోజుకు నాలుగు తాగుతున్నడు, ఆ మాట ఇప్పుడు ఆయనకు ఎట్ల చెప్పాలో?

---

బత్తాయితోట | ఆదివారం రాత్రి 10:40

లేచినంక ఎంతసేపటికి ముట్టిస్తాడో అడుగు ముందు. అంకెలు చెప్పకు. బస్సులో అయితే అసలే చెప్పకు.